దారి తెలిసినవాడి పద్యాలు

"దారి నాకు తెలుసు, మీరు రండి" అన్నది మామూలు మాట. కారులో స్టీరింగు పట్టుకున్నవాడు వెనక సీట్లో గొణుగుతున్నవాళ్ళతో అనే మాట. విశాఖలో ఐదుగురు స్నేహితులున్న ఒక బృందంలో మాత్రం ఈ వాక్యం వినబడగానే నవ్వు మొదలవుతుంది. ఆ ఐదుగురిలో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. దారి తెలిసిన స్నేహితుడి యాభయ్యో పుట్టినరోజుకు ఈ వాక్యాన్నే మకుటంగా పెట్టి ఆయన మూడు పద్యాలు అల్లాడు. చదివితే నిమిషంలో అయిపోయే పని. దాని లోపలి అమరిక మాత్రం నిదానంగా విప్పి చూడదగ్గది.

ముందు ఆ వాక్యం పుట్టుక చెప్పాలి. బొర్రా గుహలు చూద్దామని ఐదుగురూ విశాఖ నుంచి బయలుదేరారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కే దారి అందరికీ తెలిసిందే, బోర్డులు కూడా ఉంటాయి. అయినా మనవాడు కోట రాకముందే ఒక మట్టిరోడ్డులోకి తిప్పాడు. అడ్డదారి అన్నాడు. ఫోనులో దారి చెప్పే ఆడగొంతు కాసేపు వద్దని చెప్పి, సిగ్నలు పోయి ఆగిపోయింది. చివరికి కారు ఒక ఇటుకల బట్టీ ముందు నిలబడింది. ఆవల దారి లేదు. అక్కడి పనివాళ్ళు వీళ్ళకు టీ ఇచ్చారు. "ఇక్కడ టీ బాగుంటుందనే తీసుకొచ్చాను" అన్నాడట పెద్దమనిషి. తిరిగి కారెక్కుతూ మళ్ళీ అన్న మాటే ఆ వాక్యం. అప్పటి నుంచి ఆ బృందంలో ఎవరైనా తెలియనిదాన్ని తెలిసినట్టు మాట్లాడితే ఎవరో ఒకరు "ఇటుకలు కనబడుతున్నాయి" అంటారు. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇలాంటి లోపలి హాస్యాన్ని పద్యంలో పెట్టడంలో రెండు ఇబ్బందులున్నాయి. కథంతా విడమరిస్తే కారులో ఉన్నవాళ్ళకు విసుగు. ఏమీ చెప్పకపోతే పుట్టినరోజుకు వచ్చిన వియ్యాలవారికి, ఆఫీసువాళ్ళకు అయోమయం. మాస్టారు ఈ రెంటి మధ్య నడిచిన తీరు తర్వాత చూద్దాం. మొదట ఆయన చేతికి దొరికిన ముడిసరుకు చూడాలి. నా దృష్టిలో ఆయన అదృష్టమంతా అక్కడే ఉంది.

ఆ వాక్యాన్ని ముక్కలు చేయండి. దారి, నాకు, తెలుసు, మీరు, రండి. ఐదు ముక్కలు. పద్యం లెక్కలో పొట్టి అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘమున్నదీ, సున్నా ఉన్నదీ, ఒత్తక్షరానికి ముందున్నదీ గురువు, దానికి రెండు మాత్రలు. "దారి" ఒక గురువు, ఒక లఘువు. "నాకు" అంతే. "తెలుసు" మూడు లఘువులు. "మీరు", "రండి" మళ్ళీ గురువు, లఘువు. ఐదు ముక్కలూ మూడేసి మాత్రలే. తెలుగు ఛందస్సులో సూర్యగణాలు రెండే రెండు: గురులఘువుల జంట ఒకటి, మూడు లఘువుల గుంపు ఇంకొకటి. అంటే మనవాడు మట్టిరోడ్డు మీద నోరు విప్పి పలికింది అచ్చంగా ఐదు సూర్యగణాలు. ఆటవెలది పద్యానికి రెండో పాదంలో, నాలుగో పాదంలో ఉండాల్సింది సరిగ్గా ఇదే. వేమన పద్యాల మకుటం కూర్చునే స్థానంలో ఈ వాక్యం కూర్చుంటుంది. అక్షరం మార్చనక్కర్లేదు, మాట జరపనక్కర్లేదు.

ఇంకా విచిత్రం ఉంది. పాదానికి యతి కావాలి. అంటే మొదటి గణం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి. "దా"కు "మీ"తో పొత్తు లేదు. కానీ ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి వేసుకోవచ్చు. మొదటి గణంలో రెండో అక్షరమూ, నాలుగో గణంలో రెండో అక్షరమూ ఒకే హల్లు అయితే చాలు, వాటి ముందున్న అక్షరాలు రెండూ గురువులో రెండూ లఘువులో అయి ఉండాలి. "దారి"లో రెండోది రి. "మీరు"లో రెండోది రు. రెండింటి ముందూ గురువే. ప్రాసయతి దానంతటదే పడింది. అన్నవాడికి ఛందస్సు సంగతి తెలియదు, నోటి నుంచి మాత్రం నిర్దుష్టమైన పాదం వచ్చింది. వాడుక తెలుగులో సూర్యగణాలకు సరిపోయే మాటలు కోకొల్లలు కాబట్టి ఇది పూర్తిగా వింతేమీ కాదు, కానీ ఐదూ వరసగా పడి యతి కూడా కుదరడం మాటిమాటికీ జరగదు. మాస్టారు దీన్ని కనిపెట్టడానికి కారణం కవిత్వం కన్నా లెక్కల అలవాటే అనుకుంటాను. ఆయన ఏ మాటనైనా వేళ్ళమీద లెక్కేస్తాడు.

ఈ వాక్యాన్ని కొంచెం కదిపి చూస్తే దాని బిగువు తెలుస్తుంది. "దారి నాకు తెలుసులే" అంటే వాడుకలో ఇంకా సహజం. కానీ "తెలుసులే" మూడు లఘువుల తర్వాత ఒక గురువు, ఐదు మాత్రలు. మూడు మూడుగా నడుస్తున్న పాదం అక్కడ కుంటుతుంది. పైకి చదివితే ఛందస్సు తెలియనివాడికి కూడా చెవిలో తగులుతుంది. "దారి నాకు తెలుసు, మీరు పదండి" అన్నా అదే గతి. "పదండి" లఘువుతో మొదలై మధ్యలో గురువు తెచ్చుకుంటుంది, సూర్యగణం కాదు.

కందం ఎందుకు కాదని అడగవచ్చు. సరదా పద్యానికి కందం కూడా మంచి వాహనమే. శ్రీశ్రీ సిరిసిరిమువ్వ శతకాన్ని కందాల్లోనే రాశాడు. కానీ కందంలో గణాలన్నీ నాలుగేసి మాత్రలవి, చివరి అక్షరం గురువు కావాలి. "దారినా" అనేసరికే ఐదు మాత్రలవుతాయి, "రండి" లఘువుతో ముగుస్తుంది. కందంలో ఇరికించాలంటే వాక్యాన్ని విరగ్గొట్టాలి. విరిగితే అది మనవాడి మాట కాదు, నవ్వూ రాదు. లోపలి హాస్యంలో మాట యథాతథంగా ఉండాలి, ఛందస్సే దాని దగ్గరికి రావాలి. మాస్టారు అలాగే చేశాడు.

నాలుగో పాదం సిద్ధంగా ఉంది కాబట్టి మిగిలిన పని అవధానంలో సమస్యాపూరణం లాంటిది. అక్కడ పృచ్ఛకుడు చివరి పాదం ఇస్తే అవధాని పై మూడూ కట్టి, ఆ పాదానికి అర్థం కుదిరేలా చేస్తాడు. మాస్టారికి పృచ్ఛకుడు పుట్టినరోజువాడే. మొదటి పద్యం ఇది.

బొర్ర గుహలు చూడ కుర్రకారు కదిలె
ఇటుక బట్టి చేరె నెటులొ కారు
అడుగబోవ నతడు గడుసుగా పలికెను
దారి నాకు తెలుసు మీరు రండి!

ఆటవెలదిలో మొదటి పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలతో మొదలై రెండు ఇంద్రగణాలతో ముగుస్తాయి. ఇంద్రగణాలు నాలుగైదు మాత్రల పెద్ద గణాలు. బొర్ర, గుహలు, చూడ అని మూడు చిన్న అడుగులు వేశాక "కుర్రకా", "రుకదిలె" అని రెండు పెద్ద అంగలు పడతాయి. "బొర్ర"లోని ర్ర "కుర్ర"లో మళ్ళీ వచ్చింది, ప్రాసయతి. ఆ బృందంలో నలభై తొమ్మిది దాటనివాడు లేడు. వాళ్ళు కుర్రకారు కావడం పూర్తిగా బొర్రా గుహల చలవ. యతి కోసం తెచ్చిన మాట అలా తనంతట తానే ఒక చురక అయింది. ప్రాస కోసం వెతికిన మాట అర్థానికి కూడా పనికొస్తే అది మంచి పనితనం. అర్థానికి ఎగతాళి కూడా కలిపితే ఇంకేం కావాలి!

రెండో పాదంలో "ఇటుక"కు "ఎటులొ" జత. చేరెను, ఎటులొ కలిసి "చేరె నెటులొ" అయింది. ఇక్కడ మాస్టారు ఎంత తక్కువ చెప్పాడో గమనించాలి. అడ్డదారి లేదు, మట్టిరోడ్డు లేదు, ఎవరు నడిపారన్నది కూడా లేదు. గుహలకని బయలుదేరారు, బట్టీకి చేరారు. ఈ రెండు పాదాల మధ్య ఉన్న ఖాళీయే కథ. బయటివాళ్ళకు ఆ ఖాళీ సరిపోతుంది, తప్పిపోయారని అర్థమవుతుంది. లోపలివాళ్ళు దాన్ని తమ జ్ఞాపకాలతో నింపుకుంటారు. ఇందాక చెప్పిన రెండు ఇబ్బందులకూ జవాబు ఈ ఒక్క పాదంలో ఉంది. "ఎటులొ" అన్న మాటలో అమాయకత్వం కూడా బాగుంది, కారు తనంతట తాను వెళ్ళినట్టు.

మూడో పాదంలో నాకు నచ్చింది "అడుగబోవ". అడిగితే కాదు, అడగబోతే. ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేసింది. ఆయన స్వభావమంతా ఆ ఒక్క క్రియారూపంలో పట్టుబడింది. "గడుసుగా" అడుగుకు ప్రాసయతి జత, మూడు లఘువుల మీద ఒక గురువు, చక్కని ఇంద్రగణం. ఛాందసుడెవరైనా ఉంటే పాదాల చివర "కదిలె, ఇటుక" అనీ "కారు, అడుగ" అనీ సంధి చేయకుండా వదిలేశారని మందలిస్తాడు. పాత పద్ధతిలో అది లోపమే. కానీ పైకి చదివే పద్యంలో పాదం చివర ఊపిరి తీసుకుంటారు, అక్కడ విరుపు మేలే చేస్తుంది. "కారడుగబోవ" అంటే ఎవరికి అర్థమవుతుంది?

రెండో పద్యం బట్టీ దాకా వెళ్ళిన దారి గురించి.

గూగులమ్మ అలిగి మూగవోయినదంట
మేకలాగి చూసె, మాకు సిగ్గు
సిగ్గులేనివాడు తగ్గక సెలవిచ్చె
దారి నాకు తెలుసు మీరు రండి!

ఫోనులోని ఆడగొంతును గూగులమ్మను చేసి, సిగ్నలు పోవడాన్ని అలకగా మార్చాడు. గూగు, మూగ. ఈ జత దొరికాక పద్యం ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. అసలు చూడాల్సింది రెండో పాదం చివర, మూడో పాదం మొదట. "సిగ్గు" అని ఆపి "సిగ్గు" అనే మొదలుపెట్టాడు. విడిచిన మాటను వెంటనే పట్టుకునే ఈ పద్ధతిని అలంకారశాస్త్రంలో ముక్తపదగ్రస్తం అంటారు. ఇక్కడ అది అలంకారం కోసం రాలేదు. సిగ్గు మాకు, సిగ్గు లేనిది వాడికి అని ఒకే మాటను ఇటు నుంచి అటు మార్చడానికి వచ్చింది. తర్వాత "సెలవిచ్చె". రాజులూ గురువులూ సెలవిస్తారు. మేకలు నిలబడి చూస్తున్న మట్టిరోడ్డు మీద ఒకడు సెలవివ్వడం, అదీ సిగ్గులేనివాడని పిలిచిన వెంటనే, ఆ ఎత్తుపల్లాల్లో నవ్వు ఉంది. గణం లెక్కకు "పలికెను" కూడా సరిపోయేది. మొదటి పద్యంలో ఆ మాట వాడేశాడు కాబట్టి ఇక్కడ మెట్టెక్కించాడు.

రెండో పద్యం ఎందుకు కావాలంటే, మకుటానికి అలవాటు పడాలి. మొదటిసారి విన్నప్పుడు నాలుగో పాదం ఒక జవాబు. రెండోసారి అది రాబోతోందని ముందే తెలిసిపోతుంది. "తగ్గక సెలవిచ్చె" దగ్గర మాస్టారు ఆగి చూస్తే మిగిలిన ముగ్గురూ అందుకున్నారు. దీనికి ఆటవెలది నడక సాయం చేస్తుంది. బేసి పాదాలు చిన్న గణాలతో మొదలై పెద్ద గణాలతో సాగిపోతే, సరి పాదాలు మొదటి నుంచి చివరి దాకా మూడేసి మాత్రలతో తిశ్రగతిలో నడుస్తాయి, మొత్తం పదిహేను మాత్రలు. చప్పట్లు కొట్టడానికి అంతకన్నా తేలికైన కొలత లేదు. మూడో పాదం చివర అంగ చాచిన చెవికి నాలుగో పాదంలో మళ్ళీ సమానమైన అడుగులు దొరుకుతాయి. అందుకే గుంపుగా చెప్పాలనిపిస్తుంది.

టీ సంగతి పద్యాల్లో ఎక్కడా లేదని గమనించారా? నిజానికి బృందంలో దానికే ఎక్కువ నవ్వుతారు. మొదటి చిత్తులో మాస్టారు దానికొక పద్యం రాశాడు, తర్వాత తీసేశాడు. ఆ పద్యంలో నవ్వు మూడో పాదంలోనే పేలిపోయి నాలుగో పాదం చప్పబడిందన్నాడు. మకుటమున్న పద్యంలో పై మూడు పాదాలు ఎంత బాగున్నా చివరి పాదానికి ఎగువన బరువు పెరగకూడదు. రెండో హాస్యం ఎంత మంచిదైతే అంత ప్రమాదం. తనకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని తీసేయగలిగాడంటే లెక్కల మాస్టారు కాస్త కవి కూడా అనుకోవాలి.

మూడోది అసలు పుట్టినరోజు పద్యం.

అర్ధశతము కొట్టి హాయిగా నవ్వేవు
షుగరు బీపి తోడు నగుచు వచ్చె
ముందు నడిచి నీవె అందరికిక చెప్పు
దారి నాకు తెలుసు మీరు రండి!

మొదటి పాదంలో ఈసారి ప్రాసయతి కాదు, మామూలు యతే. అకారానికి హాతో పొత్తు ఛందస్సు ఒప్పుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ "హాయిగా" యతి కోసం వచ్చిన మాటేనని తెలిసిపోతోంది. మూడు పద్యాల్లో నాకు కాస్త పలచగా కనిపించిన చోటు అదొక్కటే. రెండో పాదం వెంటనే దాన్ని కాపాడింది. మనిషి నవ్వుతుంటే వెనకాలే షుగరూ బీపీ కూడా నవ్వుకుంటూ వచ్చాయి. "తోడు నగుచు" అన్న పాతకాలపు మాటల పక్కన ల్యాబు రిపోర్టు మాటలు కూర్చున్నాయి.

మూడో పాదంలో పద్యం పురుషను మార్చింది. మొదటి రెండు పద్యాల్లో ఆయన "అతడు", "వాడు". ఇక్కడ "నీవె". అప్పటిదాకా ఆయన గురించి చెప్పుకున్న మాట ఇప్పుడు ఆయనతోనే చెప్తున్నారు. మొదటి పద్యంలో ఆ వాక్యం కోతకు గుర్తు. ఇక్కడ స్నేహితులే ఆ వాక్యాన్ని మళ్ళీ చెప్పమని అడుగుతున్నారు. యాభై తర్వాత దారి వాళ్ళెవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. అయినా ముందు నడవమంటున్నారు. అక్షరమైనా మారకుండా మకుటానికి అర్థం తిరగబడింది. మాస్టారు ఈ పాదం చదివి ఆగితే గదిలో ఎవరూ అందుకోలేదట, పుట్టినరోజువాడు ఒక్కడే చెప్పాడు. అలా ఒక్కడే చెప్పేలా మొదటి రెండు పద్యాలు ఆయనకు తాళం నేర్పి ఉంచాయి.

ఇలాంటి పని ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఎగతాళి ఎవరినైనా నిజంగా నొప్పించే చోటుకు తగిలితే గదిలో నవ్వు ఆలస్యంగా వస్తుంది, అదీ కొందరి నుంచే. ఇక్కడ ఆ వాక్యాన్ని పుట్టినరోజువాడే ఇన్నేళ్ళుగా తన మీద వేసుకుని నవ్వుతున్నాడు కాబట్టి చెల్లింది. ఆయన ఉద్యోగం గురించో ఇంటి అప్పు గురించో అయితే ఎంత చక్కని ఆటవెలదిలో పడినా మాస్టారు ముట్టుకునేవాడు కాదు.

ఇప్పుడు ఆయన ముందు ఇంకో పుట్టినరోజు ఉంది. బృందంలో ఇంకొక స్నేహితుడికి ఏం జరిగినా "ముందే నేనే చెప్పా, లేదా?" అనడం అలవాటు. మాస్టారు వేళ్ళమీద లెక్కేశాడు. ఎనిమిది అక్షరాలు, ఎనిమిదీ గురువులే. వరసగా రెండు గురువులు కూడా పట్టని సూర్యగణాల్లో దానికి చోటు లేదు, కాబట్టి ఆటవెలది మూసుకుపోయింది. కందం చివరా పట్టదు, అక్కడ ఆరో గణం లఘువుతో ముగియాలి. పాదానికి ఎనిమిది గురువులుండే వృత్తం ఒకటుంది, విద్యున్మాల. అందులో ఆ వాక్యం నిండుగా ఒక పాదమే. ఇక మిగిలిన మూడు పాదాల్లో ఒక్క లఘువైనా దొర్లకూడదు, ప్రతి పాదంలో రెండో అక్షరం "ముందే"లాగా సున్నా వెనక దకారమే కావాలి. ప్రస్తుతానికి ఆయన దగ్గర "పందెం" ఉంది, "సందేహం" ఉంది. "విందు" బాగుందని రాసుకుని, లఘువుతో ముగిసిందని కొట్టేసి, దాన్ని "విందే" చేసి ఊరుకున్నాడు.